ఈ మాట ఏ ఇంటిది? బడి సర్క్యులర్‌లో అక్షర దోషాలు



ఈ ప్రసంగం వినేటప్పుడు చేతిలో ఒక కాయితం, పెన్సిలు ఉంటే బాగుంటుంది. ఇందులో కొన్ని తప్పులు చెవికి అందవు. రాసుకుంటేనే కంటికి కనబడతాయి.

బడి నుంచి ఇంటికి ఒక కాయితం వస్తుంది. దాన్ని సర్క్యులర్ అంటున్నాం. సెలవైనా, ఫీజైనా, వార్షికోత్సవమైనా, తల్లిదండ్రుల సమావేశమైనా ఆ కాయితమే చెబుతుంది. కొన్నిసార్లు తెలుగు మాస్టారు రాస్తారు. చాలాసార్లు ఆఫీసులో టైపు చేసేవారే రాస్తారు. ఆ పూట ఖాళీగా దొరికిన టీచరు రాయడమూ ఉంది. కింద హెడ్మాస్టరు గారి సంతకం పడుతుంది. ఇక ఆ కాయితం మీది అక్షరం బడి అక్షరం అయిపోతుంది. పిల్లవాడు దాన్ని చూసి డైరీలో అలాగే దించుకుంటాడు.

ఇలాంటి కాయితాల్లో మూడు చోట్ల తప్పులు ఎక్కువగా దొర్లుతాయి. మొదటిది న, ణ, సున్న, జ్ఞ లాంటి ముక్కు అక్షరాల దగ్గర. రెండోది ర దగ్గర. ఒక్క రా, రెండు రలా, బండి రా అన్న తికమక అది. మూడోది ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటల దగ్గర. మూడూ వేరు వేరు జబ్బుల్లా కనిపిస్తాయి. కానీ మూడింటికీ మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే. ఈ మాట ఏ ఇంటిది?

కొత్త మనిషి గడపలోకి వస్తే మన పెద్దవాళ్ళు ముందు ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడుగుతారు. అది తెలిస్తే మర్యాద ఎలా చెయ్యాలో తెలుస్తుంది. మాట దగ్గరా అదే పని చెయ్యండి. సంస్కృతం నుంచి వచ్చిందా? అచ్చ తెలుగు మాటా? ఇంగ్లీషు నుంచి వచ్చిందా? ఈ మూడు ఇళ్ళకూ మూడు పద్ధతులు ఉన్నాయి. ఒక ఇంటి పద్ధతి ఇంకో ఇంటి మాట మీద రుద్దినప్పుడే తప్పు పుడుతుంది.

ఇప్పుడు ఒక సర్క్యులర్ చదువుతాను. ఇది ఏ బడిదీ కాదు. ఎన్నో కాయితాల్లో కనబడే తప్పుల్ని ఒకచోట చేర్చి నేనే కూర్చాను. ఎలా రాసి ఉందో అలాగే పలుకుతాను. వినండి.

"తల్లిదండ్రులకు విజ్నప్తి. వచ్చే శనివారం మన పాఠశాల ప్రాంగనంలో సైంస్ ప్రదర్శణ జరుగుతుంది. సాయంత్రం కరసాము, మఱియు పాటల పోటీలు ఉంటాయి. పిల్లలు ఉదయం ప్రార్థణకు కర్రెక్ట్‌గా రావాలి. యూనిఫాన్ వేసుకుని, ఎర రిబ్బన్ కట్టుకోవాలి. క్రమశిక్షన పాటించాలి. ప్రోగ్రెస్ ఱిపోర్టులు ఆ రోజే ఇస్తాం."

చిన్న కాయితమే. విషయం అర్థమవుతూనే ఉంది. కానీ ఇందులో పన్నెండు చోట్ల పెన్సిలు పెట్టాలి.

ముందు న, ణల సంగతి చూద్దాం. ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది ఇదే.

ఈ కాయితంలో ఒక విచిత్రం గమనించండి. ప్రాంగణం, క్రమశిక్షణ అనే మాటల్లో ణ ఉండాలి. అక్కడ న రాశారు. ప్రదర్శన, ప్రార్థన అనే మాటల్లో న ఉండాలి. అక్కడ ణ రాశారు. అంటే రాసినవారికి ణ తెలియక కాదు. ఎక్కడ పెట్టాలో తెలియక ఊహించి పెట్టారు. మాట్లాడేటప్పుడు మనలో చాలామంది ణను కూడా న లాగానే పలికేస్తాం. అందుకని ఇక్కడ చెవి సాయం చెయ్యదు. అప్పుడేం చెయ్యాలి? మాట ఏ ఇంటిదో అడగాలి.

ఈ నాలుగు మాటలూ సంస్కృతం నుంచి వచ్చినవే. ఆ ఇంట్లో దీనికి ఒక నియమం ఉంది. పాణిని అష్టాధ్యాయిలో ఎనిమిదో అధ్యాయం నాలుగో పాదం ఈ నియమంతోనే మొదలవుతుంది. సూత్రాలు బట్టీ పట్టక్కర్లేదు. విషయం ఇంతే. ఒక మాటలో ర గానీ, ష గానీ, వట్రసుడి ఇచ్చే ఋ గానీ ఉండి, దాని తర్వాత న వస్తే ఆ న మారి ణ అవుతుంది. కారణం, కిరణం, భూషణం, ఋణం. ఇంతవరకూ తేలికే.

అయితే ఒక మెలిక ఉంది. ఆ రకూ ఈ నకూ మధ్యలో కొన్ని అక్షరాలు అడ్డు తగిలితే మార్పు ఆగిపోతుంది. న నగానే ఉండిపోతుంది. అడ్డు తగిలేవి ఏవి? చ వరుస, ట వరుస, త వరుస. వాటితో పాటు ల, శ, స. ఇవి అడ్డొస్తే న. అడ్డు రాకపోతే ణ.

ఎందుకలా? నోట్లో నాలుకను గమనిస్తే తెలుస్తుంది. సంస్కృత వ్యాకరణం లెక్కలో ర, ష, ఋ నాలుక కొన పైకి మడిచి పలికే ధ్వనులు. ణ కూడా అలాంటిదే. ర పలికి నాలుకను పైకి మడిచాం అనుకోండి. తర్వాత గ వచ్చిందనుకోండి. గ గొంతు దగ్గర పుడుతుంది. నాలుక కొనతో దానికి పనిలేదు. మ వచ్చిందా? పెదవులు కలిస్తే చాలు. నాలుక మడత మడతగానే ఉంటుంది. అందుకే తర్వాత వచ్చే న కూడా ఆ మడతలోనే పలికి ణ అయిపోతుంది. మధ్యలో త వచ్చిందనుకోండి. నాలుక కొన పళ్ళ దగ్గరికి దిగిపోవాలి. మడత విప్పుకుంటుంది. ఇక తర్వాత వచ్చేది మామూలు న. చ, శ, ల, స పలికినా నాలుక కదిలి పట్టు తప్పుతుంది. ట పలికితే నాలుక మడతపడే ఉంటుంది కదా అంటారేమో. అక్కడ ఆ మడత ట కోసం ఖర్చైపోతుంది. తర్వాతి నకు మిగలదు. య మాత్రం అడ్డు రాదు. దాన్ని దాటి వెళ్ళిపోవచ్చు.

ఇది మీ అందరికీ తెలిసిన మాటల్లోనే కనబడుతుంది. రామాయణం రాసుకోండి. చివర ణ. రసాయనం రాసుకోండి. చివర న. రెండింటిలోనూ వెనక ఉన్నది అయనం అనే మాటే. రామ పక్కన చేరినప్పుడు మధ్యలో మ, య మాత్రమే ఉన్నాయి. అడ్డు లేదు. కాబట్టి రామాయణం. రస పక్కన చేరినప్పుడు మధ్యలో స అడ్డం పడింది. కాబట్టి రసాయనం. కొన్ని కాయితాల్లో రసాయణ శాస్త్రం అని కనిపిస్తుంది. అది రామాయణం చూసి రాసినది.

సంక్రాంతికి పంచాంగంలో చదివే మాటలు ఇంకా బాగుంటాయి. ఉత్తరాయణం, దక్షిణాయనం. మొదటిదాని చివర ణ. రెండోదాని చివర న. ఉత్తరలో ర ఉంది, తర్వాత అడ్డు లేదు. అందుకని ఉత్తరాయణం. దక్షిణలో క్ష ఉంది. క్ష అంటే క, ష కలిసినదే. ఆ ష పక్కనున్న నను ణ చేసేసింది. దక్షిణ అయింది. ఇప్పుడు చివరి న దగ్గరికి వెళ్ళాలంటే మధ్యలో ఆ ణ అడ్డం ఉంది. ణ ట వరుసలోది. అడ్డు తగిలేదే. అందుకని దక్షిణాయనం అని మామూలు నతో ముగుస్తుంది. ఒక పండగ, రెండు మాటలు. నియమం మొత్తం వాటిలోనే ఉంది.

ఇప్పుడు మన సర్క్యులర్ దగ్గరికి వద్దాం. ప్రాంగణం. ప్రలో ర ఉంది. తర్వాత గ. గ అడ్డు కాదు. కాబట్టి ణ. క్రమశిక్షణ. క్షలో ష ఉంది. దాని పక్కనే న. మధ్యలో ఏమీ లేదు. కాబట్టి ణ. ప్రదర్శన. ర ఉంది, కానీ తర్వాత శ అడ్డు. కాబట్టి న. ప్రార్థన. ర ఉంది, తర్వాత థ. త వరుసలోది, అడ్డు. కాబట్టి న.

బడి కాయితాల్లో తరచూ వచ్చే ఇంకో నాలుగు మాటలు మీరే తేల్చండి. నిర్వహణ. వ, హ అడ్డు కావు. ణ. ప్రకటన. ట అడ్డు. న. పర్యవేక్షణ. క్ష పక్కనే ఉంది. ణ. పరిశీలన. శ, ల రెండూ అడ్డమే. న. ప్రధానోపాధ్యాయుడు అన్న మాటలో కూడా ర తర్వాత ధ అడ్డు పడింది. అందుకే అక్కడ న. హెడ్మాస్టరు గారి హోదాను ణతో రాసిన కాయితం మీద హెడ్మాస్టరు గారే సంతకం పెట్టకూడదు కదా.

దీనికి రెండు హద్దులున్నాయి. అవి చెప్పకపోతే నియమం తప్పుదారి పట్టిస్తుంది.

మొదటి హద్దు. ర, న ఒకే మాటలో ఉండాలి. పరీక్షానంతరం అని రాస్తాం. క్షలో ష ఉంది, తర్వాత న ఉంది. అయినా ణ కాదు. ఎందుకంటే అక్కడ పరీక్ష ఒక మాట, అనంతరం ఇంకో మాట. రెండు మాటలు పక్కపక్కన చేరాయి అంతే, రామాయణంలోలా కలిసి ఒక్క పేరు కాలేదు.

రెండో హద్దు. కొన్ని మాటలు ణతోనే పుట్టాయి. వాటికి ర అవసరం లేదు. గణితం, గుణకారం, కోణం, వీణ, కల్యాణం. ఇవి నోటికి అలవాటు కావాల్సినవే. వీటిలో గణితం, గుణకారం, కోణం మన పిల్లలు రోజూ చదివే పుస్తకాల్లోవే కాబట్టి పెద్ద కష్టం కాదు.

ఈ నియమం సంస్కృతం ఇంటిది. దాన్ని తెలుగు మాట మీద ప్రయోగించకండి. ఊరిని, పేరును, చేరాను. వీటిలో ర ఉంది, తర్వాత న ఉంది. ణ రాస్తామా? రాయం. ఇంగ్లీషు మాట మీద కూడా వద్దు. ట్రైనింగ్, మార్నింగ్. వీటిలో మామూలు నే.

ఇక విజ్ఞప్తి. సర్క్యులర్‌లో మొదటి మాటే ఇది. తప్పు కూడా అక్కడే మొదలవుతుంది. సరైన రూపంలో జ ఉంటుంది, దాని కింద ఞ ఒత్తు ఉంటుంది. ఞ అంటే చ వరుసలో చివరి అక్షరం. చ, ఛ, జ, ఝ, ఞ. మనం పలికేటప్పుడు అది గ, న కలిసినట్టు వినిపిస్తుంది. అందుకే కొందరు జ కింద న పెడతారు. కొందరు గ కింద న పెడతారు. ఇంకొందరు క వరుసలో చివరి అక్షరం ఙ తెచ్చి పెడతారు. ఇవేవీ కావు. తెలుసుకోవడం అనే అర్థమున్న ధాతువు జ్ఞా. జ్ఞానం, విజ్ఞానం, ఆజ్ఞ, కృతజ్ఞత, ప్రతిజ్ఞ, విజ్ఞప్తి అన్నీ దాని సంతానమే. ఒకటి సరిగ్గా రాయడం వస్తే అన్నీ వచ్చినట్టే.

ప్రతిజ్ఞ అన్నాను కదా. బడిలో పిల్లలు రోజూ చెయ్యి చాచి చెప్పే ప్రతిజ్ఞను 1962లో మొదట తెలుగులోనే రాశారు. రాసినవారు నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. పాఠ్యపుస్తకాల్లో ఆ ప్రతిజ్ఞ ఉంటుంది. జ్ఞ ఎలా రాయాలో అనుమానం వస్తే ఆ పేజీ తిప్పితే చాలు.

ఆయన ఇంటిపేరు పలికి చూడండి. పైడిమర్రి. మర్రిలో ర మీద ర. ఇదే మన రెండో విషయం.

తెలుగులో పాతరోజుల్లో రెండు రకాల రలు ఉండేవి. ఒకటి మామూలు ర. రెండోది బండి ర. పుస్తకాల్లో దాన్ని శకటరేఫం అంటారు. శకటం అంటే బండి. ఱ అని రాసే అక్షరం అది. ఒకప్పుడు ఈ రెండింటికీ పలుకులో తేడా ఉండేది. ఆ తేడాతో అర్థమే మారిపోయేది. మామూలు రతో వేరు అంటే చెట్టు వేరు. బండి రతో వేఱు అంటే విడిగా అని. మామూలు రతో ఊరు అంటే గ్రామం. బండి రతో ఊఱు అంటే నీరు ఊరడం, నోరూరడం. ఊరగాయలోది బండి రే. పక్కనున్న తమిళంలో ఈ మాటలు ఇప్పటికీ రెండు వేరు వేరు రలతో రాస్తున్నారు.

తర్వాత మన నోట్లో ఈ తేడా పోయింది. ప్రాసలో ఒక రకు ఇంకో ర కుదరదని పద్యకవులు నియమం పెట్టుకున్నారు. ఏ మాటకు ఏ ర అని జాబితాలు రాసిపెట్టుకున్నారు. జాబితా అవసరమైందంటే అప్పటికే చెవికి తేడా తెలియడం లేదన్న మాట. 1885లో అచ్చైన శబ్దరత్నాకరం తిరగేస్తే ఆ తేడా పాటించి మాటలు ఇచ్చారు. ఇప్పుడు మన పాఠ్యపుస్తకాలు, పత్రికలు ఆ తేడా పాటించడం లేదు. అన్నిచోట్లా మామూలు రే రాస్తున్నాయి.

కాబట్టి బడి సర్క్యులర్ రాసేవారికి నా మాట ఇది. బండి ర వాడకండి. పాత పద్యం ఉన్నదున్నట్టుగా ఇవ్వాల్సి వస్తే తప్ప దాని అవసరం మీకు రాదు. ఒక కాయితంలో ఒకచోట మఱియు, ఇంకోచోట మరియు ఉంటే చదివేవారికి రెండూ వేరు మాటలేమో అనిపిస్తుంది. పాత పద్ధతిలో అన్ని మాటలకూ తేడా పాటించి రాసే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. వారిది తప్పు కాదు. అది పూర్తిగా తెలిసి చేసే పని. సగం అటూ సగం ఇటూ రాయడమే తప్పు.

మరియు విషయంలో ఇంకో మాట. అసలు అక్కడ ఆ మాటే అక్కర్లేదు. కరసాము, మఱియు పాటల పోటీలు అన్నారు. కర్రసామూ, పాటల పోటీలూ ఉంటాయి అంటే చాలు. తెలుగులో రెండింటిని కలపడానికి చివర దీర్ఘం ఉంది. ఇంట్లో ఎవరైనా అన్నం మరియు పప్పు పెట్టు అంటారా? అన్నం, పప్పు పెట్టు అంటారు. కాయితం మీద కూడా అలాగే రాయండి.

కరసాము అన్న మాట చూశారా? ఉండాల్సింది కర్రసాము. కర్ర తిప్పే విద్య. ఒక ర పోయేసరికి కర అయింది. కర అంటే చెయ్యి. కర్ర పోయి చెయ్యి మిగిలింది. అలాగే ఎర రిబ్బన్. ఎర అంటే గాలానికి గుచ్చేది. కావలసింది ఎర్ర. ఇవి అచ్చ తెలుగు మాటలు. ఇక్కడ చెవి నూటికి నూరుపాళ్ళు పనికొస్తుంది. న, ణల దగ్గర పనికిరాని చెవి ఇక్కడ గురువు. పైకి చదవండి. కర్ర, ఎర్ర, గొర్రె, గుర్రం, బుర్ర, మర్రి, కుర్రాడు. నోరు రెండు రలు పలికితే రెండు రలు రాయండి. పాత పుస్తకాల్లో ఇక్కడ బండి రకు బండి ర ఒత్తు కనిపిస్తుంది. మనం మామూలు రకు మామూలు ర ఒత్తు ఇస్తే సరిపోతుంది.

మూడో ఇల్లు ఇంగ్లీషు. ఆ మాటల్లో చేసే మొదటి తప్పు ఇంగ్లీషు అక్షరాల్ని చూసి రాయడం. కరెక్ట్ అన్న మాటను ఇంగ్లీషులో రాస్తే ఆర్ అక్షరం రెండుసార్లు వస్తుంది. అది చూసి కర్రెక్ట్ అని రాశారు. ఎవరైనా కర్రెక్ట్ అని పలుకుతారా? పలకరు. అన్నం తీసుకెళ్ళే క్యారియర్‌లో కూడా ఇంగ్లీషులో రెండు ఆర్‌లు ఉన్నాయి. మనం ఒక్కటే పలుకుతాం, ఒక్కటే రాస్తాం. మరి కర్రీ పాయింట్ బోర్డు మీద రెండు రలు ఎందుకున్నాయి? మన నోరు ఆ మాటను అలాగే తీసుకుంది కాబట్టి. అక్కడ రెండు రలే సరి. ఇంగ్లీషు స్పెల్లింగు కాదు, తెలుగువాడి నోరు ప్రమాణం. ఇక బండి ర సంగతా? ఇంగ్లీషు మాటలో దానికి చోటే లేదు. అది మన పాత మాటల అక్షరం. ఱిపోర్టు అన్నది ఏ ఇంటి పద్ధతిలోనూ కుదరదు.

ఆ ఱ ఎక్కడి నుంచి వచ్చింది? చాలాసార్లు అజ్ఞానం వల్ల కాదు, వేలు వల్ల. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో జె మీట మీద ర ఉంటుంది. షిఫ్ట్ పట్టుకుని అదే మీట నొక్కితే బండి ర పడుతుంది. వెనకటి అక్షరం కోసం నొక్కిన షిఫ్ట్ వదలడం ఒక్క క్షణం ఆలస్యమైతే చాలు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసే పద్ధతుల్లో న, ణల సంగతీ ఇంతే. చిన్న ఎన్ కొడితే న, పెద్ద ఎన్ కొడితే ణ.

ఇంగ్లీషు మాటల్లో రెండో తప్పు సున్న దగ్గర. ఇది కొంచెం నిదానంగా వినండి. మన సున్నకు సొంత గొంతు లేదు. పక్కనున్న అక్షరాన్ని బట్టి పలుకుతుంది. పంట అన్నప్పుడు ట పక్కన ణ లాగా. పంతం అన్నప్పుడు మొదటి సున్న త పక్కన న లాగా. పంపు అన్నప్పుడు ప పక్కన మ లాగా. మరి పక్కన స ఉంటే? హంస, సంసారం పలికి చూడండి. పెదవులు కలుస్తున్నాయి. మ వినిపిస్తోంది. మాట చివర సున్న ఉంటే? పుస్తకం, బలం. అక్కడా మ.

ఇప్పుడు సైంస్ అని సున్నతో రాస్తే ఏమవుతుంది? తెలుగు పద్ధతిలో చదివితే సైమ్స్ అవుతుంది. మనం అనేది సైన్స్. కాబట్టి అక్కడ న పొల్లు, దానికి స చేరాలి. లైసెన్స్, అడ్వాన్స్, టెన్షన్, పెన్షన్ అన్నిటికీ అంతే. స, ష ముందు ఇంగ్లీషు ఎన్ ధ్వని ఉంటే సున్న వద్దు, న రాయండి.

ట, డ, క, గ, చ, జ ముందైతే సున్న హాయిగా సరిపోతుంది. స్టూడెంట్, పేరెంట్స్, బ్యాంకు. రెండు పద్ధతులూ ఒకే మాటలో చూడాలంటే అటెండెన్స్ రాసుకోండి. డ ముందు సున్న. స ముందు న. ఒక్క మాటలో రెండు ముక్కు ధ్వనులు, రెండు రాతలు.

మాట చివర కూడా ఇదే తేడా. మ ధ్వనితో ముగిస్తే సున్న పెట్టవచ్చు. ప్రోగ్రాం, యూనిఫాం, ఫారం. న ధ్వనితో ముగిస్తే న పొల్లు పెట్టాలి. పెన్, లైన్, రేషన్. మన సర్క్యులర్‌లో యూనిఫాన్ అన్నారు. అది సున్న ఉండాల్సిన చోట న పెట్టడం.

ఆఫీస్ అనాలా, ఆఫీసు అనాలా? స్కూల్ అనాలా, స్కూలు అనాలా? రెండూ తెలుగువాళ్ళు వాడుతున్నవే. రెండూ తప్పు కాదు. నాకు చివర ఉకారం ఉన్నవే ఇష్టం. స్కూలుకు, ఆఫీసులో, బస్సుమీద అని విభక్తి చేరడానికి వీలుగా ఉంటాయి. మీరు ఏది ఎంచుకున్నా ఒక కాయితంలో ఒక్కటే ఉంచండి.

ఇప్పుడు ఆ కాయితం ఎలా ఉండాలో చదువుతాను.

"తల్లిదండ్రులకు విజ్ఞప్తి. వచ్చే శనివారం మన పాఠశాల ప్రాంగణంలో సైన్స్ ప్రదర్శన జరుగుతుంది. సాయంత్రం కర్రసామూ, పాటల పోటీలూ ఉంటాయి. పిల్లలు ఉదయం ప్రార్థనకు కరెక్ట్‌గా రావాలి. యూనిఫాం వేసుకుని, ఎర్ర రిబ్బన్ కట్టుకోవాలి. క్రమశిక్షణ పాటించాలి. ప్రోగ్రెస్ రిపోర్టులు ఆ రోజే ఇస్తాం."

ఇక సంతకానికి ముందు చెయ్యాల్సిన పని. టైపు చేసినవారే సరిచూస్తే తప్పు కనబడదు. వారి కన్ను తాము రాయాలనుకున్నదే చదువుతుంది. ఇంకొకరికి ఇవ్వండి. కంప్యూటర్‌లో అయితే కంట్రోల్ పట్టుకుని ఎఫ్ నొక్కండి. వెతికే గడిలో ముందు ఱ వెయ్యండి. ఎక్కడున్నా బయటపడుతుంది. అన్నిటినీ మామూలు ర చెయ్యండి. తర్వాత ణ వెయ్యండి. దొరికిన ప్రతి మాట దగ్గరా ఆగి, ర, ష, ఋ ఉందా, మధ్యలో అడ్డు ఉందా అని చూడండి. ఒక పేజీ సర్క్యులర్‌లో ణ ఉన్న మాటలు కొన్నే ఉంటాయి. కానీ అంతటితో ఆగకండి. ణ ఉండాల్సిన చోట న ఉంటే ఈ వెతుకులాటకు దొరకదు. దానికి కాయితం మీద అచ్చు తీసి, ర, ష ఉన్న సంస్కృతం మాటలన్నిటి కిందా పెన్సిలుతో గీత గీయాలి. ప్రాంగనం, క్రమశిక్షన అప్పుడే దొరుకుతాయి.

ఆ తర్వాత ఇంగ్లీషు మాటల్లోని సున్నలు మాత్రం చూసుకోండి. చివరిగా ఒకసారి గట్టిగా పైకి చదవండి. కర్ర, ఎర్ర లాంటివి అప్పుడు చెవికి తగులుతాయి.

ఇంతా చేశాక కూడా ఏదో ఒక మాట దగ్గర అనుమానం మిగులుతుంది. మధ్యాహ్నంలో న రాస్తాం, అపరాహ్ణంలో ణ రాస్తాం. మధ్యాహ్నంలో ర లేదు, అపరాహ్ణంలో ఉంది అని మీకిప్పుడు చెప్పకుండానే తెలుస్తుంది. తెలియనిది తగిలితే నిఘంటువు చూడండి. ఇంటర్నెట్‌లో ఆంధ్రభారతి వారి నిఘంటుశోధనలో శబ్దరత్నాకరంతో పాటు ఎన్నో నిఘంటువులు ఉచితంగా చూడవచ్చు. అందులో పాత నిఘంటువుల్లో బండి ర కనిపిస్తే కంగారు పడకండి. దాని స్థానంలో మీరు మామూలు ర రాయండి. న, ణలు మాత్రం అక్కడ ఉన్నవి ఉన్నట్టే తీసుకోండి.